బస్సు లేదనకూడదు

రాయగడ,
జూన్.

అమ్మీ లహరీ, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నువ్వు అరిచి చెప్పడం, నేను అరిచి అడగడం, దానివల్ల నీ గొంతుకీ నా చెవులకీ పక్కింటివాళ్ళ మర్యాదకీ నష్టం తప్ప లాభం లేదని ఒప్పుకున్నావు. సంతోషం. ఈ ముసలి రైల్వే గార్డుకి ఉత్తరమే బాగుంటుంది. వయసుకి చెవులు పోయాయి గాని కళ్ళు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

కోరాపుట్‌లో శనివారం శనివారం ఏదో నాటకం ఆడుతున్నామని రాశావు. రాసుకున్న మాటలుండవట, వేషాలుండవట, ఏం జరగబోతోందో ఆడేవాళ్ళకే తెలియదట. అమ్మీ, దాన్ని మా ఇంట్లో కాపురం అనేవారు. అయినా బ్యాంకులో పగలంతా లెక్కలు చూసే పిల్లకి లెక్కలేని ఆట ఒకటి ఉండాలి. కాదనను.

నువ్వు రాసింది చదివితే మా చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు వచ్చే పగటివేషాలవాళ్ళు గుర్తొచ్చారు. ఒకడు పోలీసు వేషంలో మా గుమ్మం ముందు నిలబడి "ఈ ఇంట్లో దొంగున్నాడు!" అని గద్దించేడు. మా అమ్మ, అంటే నీ ముత్తవ్వ, బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఉన్నాడు బాబూ, అటక మీద తొంగున్నాడు. సిన్నగా మాటాడు" అంది. వాడు వెంటనే గొంతు దించేసి, టోపీ తీసి, అరుగు మీద కూర్చున్నాడు. "అయితే లేసేదాకా కాపలా కాస్తాను, గుక్కెడు మజ్జిగియ్యండి" అన్నాడు. మజ్జిగ తాగుతున్నంతసేపూ ఇద్దరూ అటకవైపు చూస్తూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ తరవాత చాలాకాలం అటక ఎక్కాలంటే భయం. అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు. తెలిసినా భయమే.

నీ ఆట ఇలాంటిదేనా? నీ జోడీ కుర్రాడి పేరు పృథ్వీరాజ్ అన్నావు. ఎలాంటివాడు? వివరంగా రాయి. నాకు తొందరేం లేదు.

చిన్నతాత
మన్మథరావు

*

కోరాపుట్,
జులై.

చిన్నతాతకి నమస్కారాలు.

ముత్తవ్వ మా గురువుల్ని మించిపోయింది. మా ఆట సరిగ్గా అదే. ఎదుటివాడు అన్న మాటని కాదనకుండా తీసుకోవాలి. తీసుకుని ఊరుకోకూడదు, దానిమీద ఇంకో మాట పేర్చాలి. "అవును, ఇంకా..." అంటాం మేం. పోలీసు దొంగన్నాడు, ముత్తవ్వ అటక చూపించింది, వాడు కాపలా కలిపాడు. ఎవరో ఒకరు "లేడు" అనుంటే అక్కడితో ఆట చచ్చిపోయేది.

మొదట ప్రేక్షకుల్ని ఒక మాట అడుగుతాం. మే నెల ప్రదర్శనలో ఒకావిడ "ఆఖరి బస్సు" అంది. వేదిక మీద రెండు కుర్చీలు తప్ప ఏమీ లేవు. పృథ్వి ఒక కుర్చీలో కూర్చుని గాలిలో స్టీరింగు పట్టుకున్నాడు. "ఏటే సుజాతా, ఇంకా ఎక్కవేటి? పద్మపూర్ సంతకి ఆలీసం అయిపోతంది" అన్నాడు. చూడు తాతా, ఒక్క మాటలో నాకు పేరిచ్చాడు, చనువిచ్చాడు, ఊరిచ్చాడు, తొందర ఇచ్చాడు. చేతకానివాళ్ళు "ఎవరు నువ్వు? ఎక్కడికెళ్దాం?" అని ప్రశ్నలేస్తారు. అప్పుడు కల్పించే బరువంతా ఎదుటివాళ్ళ నెత్తిన పడుతుంది.

నేను "ఎలా ఎక్కను మావా, నీ బస్సుకి మెట్టు ఊడిపోయింది కదా" అన్నాను. "అవును, ఆ మెట్టు మీద కూకునే కదా మీ నాన్న మన పెళ్ళికి ఒప్పుకున్నాడు. గ్యాపకంగా ఇంట్లో ఎట్టుకున్నాను" అన్నాడు. హాలంతా నవ్వులే.

లేని వస్తువుల్ని కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. తలుపు ఒకచోట ఉందని ఒకసారి చూపిస్తే అది ఆఖరిదాకా అక్కడే, అంతే ఎత్తులో ఉండాలి. ఎవరైనా దాన్లోంచి నడిచి వెళ్ళిపోతే ప్రేక్షకుల కళ్ళలో బస్సు విరిగిపోతుంది.

ఇంకో సంగతి. మొదట్లో నేనూ పొరబడ్డాను. అన్నిటికీ సరే అనడం కాదు ఆట. డ్రైవరు "ఎక్కు" అంటే సుజాత "రాను" అనొచ్చు. అలిగితే ఇంకా మంచిది. కానీ "బస్సు లేదు, నువ్వు ఉత్త కుర్చీలో కూర్చున్నావు" అనకూడదు. రాను అనొచ్చు, బస్సు లేదనకూడదు.

పృథ్వి ఎలాంటివాడని అడిగావు. తను గెలవాలని చూడడు, ఎదుటివాళ్ళని గెలిపిస్తాడు. ఈ సీను ఇంకా నడుస్తోంది. శనివారం మధ్యాహ్నాలు హాల్లో మేమిద్దరమే ఉంటాం. మా జట్టులోని బిశ్వజిత్, మనీష రావడం మానేశారు. అదీ మంచిదే. ఇప్పుడు బస్సులో సీట్లు కూడా కనిపిస్తున్నాయి.

హాలు తుడిచే బుల్లికి మా ఆట సంగతి ఏమీ తెలియదు, ఒక్క ప్రదర్శనా చూడలేదు. మొన్న తుడుస్తూ తుడుస్తూ బస్సు ముందుభాగం ఉన్నచోటికి వచ్చి, చీపురు ఎత్తుకుని, చుట్టూ తిరిగి వెళ్ళింది. నవ్వొచ్చింది నాకు.

నీ
లహరి

*

రాయగడ,
ఆగస్టు.

అమ్మీ,

నీ పాఠం చదివి ఊరుకోబుద్ధి కాలేదు. వీధి చివర టిఫిన్ల భారతీదేవి మీద ప్రయోగించాను. వెళ్ళేసరికి "ఇడ్లీ అయిపోనాది బాబూ" అంది. నేను ఛాతీ విరుచుకుని "అవునమ్మా, ఇంకా పిండి కూడా నిన్న రైలెక్కి కాశీ ఎల్లిపోయింది కదా" అన్నాను. ఆవిడ అట్టు తిరగేస్తూ "అవును, ఎల్తా ఎల్తా ఈ ముసిలాయన నోరు కూడా అట్టుకెల్తే పున్నెం గదా అంది" అని అంటించింది. అక్కడున్న ఆటోవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. అమ్మీ, ఈ ఆట నేర్చుకోవలసింది మనం కాదు. ఊళ్ళో సగంమంది పుట్టుకతో ఆడుతున్నారు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఇక రాయవలసింది రాస్తాను.

నువ్వు పంపిన కాఫీ పొడి బిశ్వజిత్ తెచ్చి ఇచ్చాడు. బిస్సమ్ కటక్‌లో చుట్టాల ఇంటికి వెళ్తూ దారిలో దిగాడట. మంచి పిల్లడు, ఒడియా తెలుగు కలిపి మాట్లాడతాడు, నన్ను తాతా అనడానికి వాళ్ళ భాషలో అజా అంటాడు, నా చెవి దగ్గరికొచ్చి మాట్లాడాలని తనంతట తనే గ్రహించాడు. మాటల్లో "పృథ్వీరాజ్‌ని కూడా తీసుకురాకపోయావా, బస్సు డ్రైవరుగారిని చూద్దును" అన్నాను. గ్లాసు కింద పెట్టేశాడు.

"అజా, లహరి మీకు సెప్పలేదా?"

చెప్పలేదు. మే నెలలో ప్రదర్శన అయిన సాయంత్రమే మోటారుసైకిలు మీద ఇంటికి వెళ్తూ ఘాట్ మలుపులో పోయాడట. నువ్వు కర్మకి కూడా వెళ్ళొచ్చావట. ఆ తరవాత శనివారాలు ఒక్కదానివే హాలు తలుపులేసుకుని, ఖాళీ కుర్చీ ఎదురుగా నిలబడి గంటలకొద్దీ మాట్లాడుతున్నావట. వాళ్ళు భయపడి రావడం మానేశారు. బ్యాంకుకి సెలవు పెట్టావట. తిండి సరిగ్గా లేదట.

అమ్మీ, నేను మెలికలు తిప్పి రాసేవాణ్ణే గాని ఇది తిప్పను. ఆ కుర్రాడు లేడు. బస్సు లేదు. ఉన్నది ఒక కుర్చీ. తలుపు తీసుకుని బయటికి రా. రాయగడ వచ్చేయ్, నాలుగు రోజులు నా దగ్గరుండు.

చిన్నతాత

*

కోరాపుట్,
అక్టోబరు.

తాతా,

నువ్వు రాసిన రెండు ఉత్తరాలు, మూడు కార్డులు అందాయి. జవాబు రాయలేదు. కోపం వచ్చింది. నేర్పింది చదివి, భారతీదేవితో ఆడి మురిసిపోయి, నా దగ్గరికొచ్చేసరికి "లేదు" అన్నావు. బిశ్వజిత్ అన్నాడు, అమ్మ అంది, డాక్టరు అన్నాడు. నువ్వు కూడా అన్నావు.

పృథ్వి చనిపోయాడని నాకు తెలియదనుకున్నావా? శవాన్ని చూశాను. దాని గురించి కాదు నేను రాస్తున్నది.

సీను ఎలా ముగుస్తుందో నీకు చెప్పలేదు. ఆడేవాళ్ళు ముగించుకోరు. పక్కన నిలబడ్డవాళ్ళలో ఒకరు వేదికకి అడ్డంగా, మా ముందునుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళాలి. లేదా లైట్లు చూసేవాడు దీపాలు ఆర్పాలి. ఆ రోజు దీపాలు ఆరిపోయాయి. బిశ్వజిత్ ఆర్పలేదు, కరెంటు పోయింది. జనం ముగిసిందనుకుని చప్పట్లు కొట్టారు. చీకట్లో పృథ్వి నా చెవిలో "ఇది ముగింపు కాదు, కరెంటు పోయిందంతే. ఇక్కణ్నుంచే మళ్ళీ మొదలెడదాం" అన్నాడు. నేను సరే అన్నాను. వాడి బండి చప్పుడు మెట్లమీంచి విన్నాను.

తరవాతి శనివారం ఊరికే హాలుకెళ్ళాను. నా చోట నేను నిలబడ్డాను. వాడు "ఏటే సుజాతా, ఎంతసేపు నిలబడతావు?" అన్నాడు.

నేను కల్పించుకుంటున్నానని అంటారు. కల్పించడం ఎలా ఉంటుందో నాకు తెలుసు తాతా, అదే నా పని. నా మాట నాకు ముందే తెలుస్తుంది. ఎదుటివాడి మాట తెలియదు, అందుకే నవ్వొస్తుంది. వాడు అన్న ప్రతి మాటకీ నాకు ఆశ్చర్యమే. మొన్న "ఎనక సీట్లో ముసలమ్మ నీకోసం మరమరాలు కట్టుకొచ్చింది" అన్నాడు. మరమరాల వాసన వచ్చింది.

మొదట బస్సు ఆ గోడ దగ్గర ఉండేది. నేను ఒప్పుకుని ఒక్కో మాట కలిపినకొద్దీ దగ్గరికొచ్చింది. ఇప్పుడు మెట్టు నా కాలి ముందే ఉంది. ఊడిపోయిన మెట్టు బిగించేశానన్నాడు. కడ్డీ పట్టుకుంటే చేతికి చల్లగా తగులుతోంది. "బేగి ఎక్కు, అందరూ నీకోసమే కూకున్నారు" అంటున్నాడు. రేపటి శనివారం కాక వచ్చే శనివారం ఎక్కుదామనుకుంటున్నాను. ఎక్కితే ఎక్కడికెళ్తుందో అడగలేదు. ప్రశ్నలేయకూడదు కదా.

నీకు చెప్పకుండా వెళ్ళబుద్ధి కాలేదు.

లహరి

*

రాయగడ,
అక్టోబరు. (స్పీడు పోస్టు)

నా తల్లీ,

తప్పు ఒప్పుకుని మొదలెడతాను, లేకపోతే నువ్వు ఈ కాగితం మడిచేస్తావు. బస్సు ఉంది. మెట్టు ఉంది, బిగించి ఉంది. వెనక సీట్లో ముసలమ్మ ఉంది. ఆవిడ మరమరాల్లో వేరుశెనగపప్పు, పచ్చిమిరపకాయ వేసింది, ఉల్లిపాయ తరగడం మరిచిపోయింది. చూశావా, నేనూ ఒకటి కలిపాను.

ఇప్పుడు నీ పాఠం నీకే అప్పజెబుతున్నాను. నీ జులై ఉత్తరం నా ఎదురుగా ఉంది. "రాను అనొచ్చు, బస్సు లేదనకూడదు" అన్నావు. ఇన్నాళ్ళూ మేమంతా బస్సు లేదంటూ తప్పుగా ఆడేం. నువ్వు రాను అనకుండా తప్పుగా ఆడుతున్నావు. డ్రైవరు పిలిచినప్పుడల్లా ఎక్కేసే సుజాత ఏం సుజాత? ఆ పిల్లకి ఇల్లు లేదా, పొయ్యి లేదా, తనకంటూ ఒక మొండితనం లేదా? మంచి ఆటగాడన్నావు కదా అతను. నువ్వు రాను అంటే కాదనలేడు. ఒప్పుకోవడం అతనికి కూడా నియమమే కదా.

నేనే రైలెక్కి వద్దును. వస్తే నువ్వు తలుపు తీయవు, నీ సంగతి నాకు తెలుసు. బిశ్వజిత్ మెట్లమీద కూర్చుంటాడు, లోపలికి రాడు, ఏమీ అనడు. ఇది నువ్వే ఆడాలి.

ఈ శనివారమే ఆడు. నువ్వు ఎక్కుదామనుకున్న రోజే. ఏడవాలనిపిస్తే సుజాతగా ఏడు, ఫరవాలేదు. కాలు మాత్రం నేలమీదే ఉంచు.

నీ చిన్నతాత

*

కోరాపుట్,
నవంబరు.

తాతా,

ఆడాను.

వాడు "వచ్చేవా" అన్నాడు. కడ్డీ పట్టుకున్నాను, చల్లగానే ఉంది. "నేను రాను మావా" అన్నాను.

"ఏటే, అలకేటి?"

"అలక కాదు. పొయ్యి మీద అన్నం ఎట్టి వచ్చేను, మాడిపోతది. నువ్వెళ్ళు. బస్సు నిండా జనం ఉన్నారు, ఆళ్ళకి ఆలీసం అయిపోతంది."

ఇంజను చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నేను సుజాతనే, లహరిని కాదు, అదే నన్ను నిలబెట్టింది. "నువ్వు బాగా నడుపుతావు మావా. నీ పక్కన కూకున్నంత కాలం నాకు భయమంటే తెలీదు" అన్నాను. అది కూడా సుజాతే అంది. కడ్డీ వదిలేశాను.

"సరే. నువ్వు రావు" అన్నాడు.

ఒప్పుకుని ఊరుకోడు కదా, ఒకటి కలుపుతాడు. కలిపాడు. ఆ మాట నీకు రాయను.

తరవాత బస్సు బయల్దేరింది. అంతవరకే. తలుపు తీస్తే బిశ్వజిత్ మెట్లమీద మనీష తెచ్చిన టిఫిను క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పక్కనే మనీష కూడా. ముగ్గురం అక్కడే తిన్నాం. చాలా రోజులకి ఆకలేసింది. మర్నాడు బుల్లి వచ్చి హాలంతా ఒకే ఊపున తుడుచుకుంటూ పోయింది. సోమవారం నుంచి బ్యాంకుకి వెళ్తున్నాను.

తాతా, ఒక్క మాట విను. నీ ఇంటి ముందు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలక్కు. ముత్తవ్వ చెప్పేది కదా. మూడోసారి పిలిచినా సరే, బయటికి రాకు. ఎందుకని అడక్కు. నేను ఆదివారం రైలుకి వస్తున్నాను.

లహరి

*

రాయగడ,
నవంబరు.

అమ్మీ లహరీ, ఆశీస్సులు.

ఆదివారం రావద్దు. టిక్కెట్టు తీసుంటే మార్చేయ్. కంగారు పడకు, కులాసాగా ఉన్నాను, భారతీదేవి పంపిన పెసరట్టు తిని రాస్తున్నాను.

నీ ఉత్తరం కన్నా ముందే వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేదు. నేను వసారాలో కూర్చుని పాత టైంటేబులు చదువుకుంటున్నాను. ఇప్పుడు నడవని రైళ్ళ వేళలు చదవడంలో ఒక సుఖం ఉంది, అవి ఎప్పుడూ ఆలస్యం కావు. సరే, ఆ సంగతి మరోసారి. గేటు ముందు పెద్ద బండేదో ఆగినట్టు నేల అదిరింది. కిటికీ రెక్కలు గలగలమన్నాయి. "మన్మథరావు గారూ!" అని పిలిచాడు. ఈ పోయిన చెవులకి కూడా గంట కొట్టినట్టు వినిపించింది. నేను మొదటి పిలుపుకే పలికాను. నీ హెచ్చరిక అప్పటికి నాకు చేరలేదు. చేరినా పలికేవాణ్ణే.

"సుజాత రానంది. తన బదులు ఆళ్ళ తాత వస్తాడని అందరికీ సెప్పేను. సీటు ఆపేను, బేగి రండి" అన్నాడు.

అదన్నమాట నువ్వు రాయని మాట.

బస్సు లేదందామా? అనకూడదు. రాను అందామా? అనొచ్చు, నీ పాఠమే. కానీ నువ్వు రాను అంటేనే కదా అతను నా గుమ్మం ముందుకొచ్చాడు. నేనూ రాను అంటే సరే అంటాడు, ఇంకో పేరు కలుపుతాడు. ఆ ఇంకో పేరు ఎవరిది? బిశ్వజిత్‌దా? తిరిగి నీదేనా? సీటు ఖాళీగా ఉన్నంతకాలం ఆ బస్సు తిరుగుతూనే ఉంటుంది. అమ్మీ, ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. బండి ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

అంచేత మా అమ్మ బియ్యం చెరిగినట్టు తాపీగా, తల ఎత్తకుండా అన్నాను: "వచ్చేవా బాబూ! ఎంత ఆలీసం చేసేవు. ఇదే డిపో. ఇక్కణ్నుంచి ముందుకి రోడ్డు లేదు. జనాన్ని దింపేసి, ఇంజను ఆపి, కాళ్ళు కడుక్కో."

ఆలోచించాడు. అతనిది గొప్ప పద్ధతి, నువ్వన్నట్టే. "అవును, డిపోయే కదా" అన్నాడు. నేల అదరడం ఆగిపోయింది. గేటు గొళ్ళెం దానంతటది లేచింది. చాలామంది అడుగులు మెట్లెక్కి వచ్చాయి. ఒకావిడ మరమరాల మూట నా బల్లమీద పెట్టింది. చూశాను, ఉల్లిపాయ లేదు.

ఇప్పుడు అందరూ వసారాలో ఉన్నారు. పృథ్వి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను ఏ కథ మొదలెట్టినా అడ్డు చెప్పడు, "అవును, ఇంకా" అంటూ నాకు తెలియని సంగతులు నా కథలోనే కలుపుతున్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి శ్రోత నాకు దొరకలేదు. చీకటి సొరంగాల్లో రైలు చివర బ్రేకువ్యానులో ఒంటరిగా చెప్పుకున్న కబుర్లన్నీ బయటికొస్తున్నాయి.

ఒకటే చిక్కు. ఒప్పుకుని ఊరుకోడు కదా. "అవును, డిపోయే" అన్న తరవాత ఇంకో మాట కలిపాడు. "డిపో బాబు మీరే. మిగతా బళ్ళు ఎనకాలే వస్తన్నాయి."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేయను?

నువ్వు మాత్రం ఈ సీనులోకి రావద్దు. ఇందులో నీకు వేషం లేదు. మనీషతో కొత్తది మొదలుపెట్టు. ప్రేక్షకులు బస్సు అంటే ఇంకో మాట అడుగు. వేళకి తిను.

ఇంకా రాద్దును గాని, వీధి మొగలో హారను మోగుతోంది. గేటు తీసి వస్తాను.

చిన్నతాత
మన్మథరావు